నోటీసులో లింకు ఎందుకుండాలి?

“మీ పేజీ కాపీరైట్ నిబంధనలను ఉల్లంఘించినట్లు మా దృష్టికి వచ్చింది. 24 గంటల్లోగా అప్పీలు చేసుకోకపోతే పేజీని శాశ్వతంగా తొలగిస్తాం. అప్పీలు కోసం కింది లింకు నొక్కండి.”

ఈ మూడు వాక్యాలు ఎందరి ఏళ్ల కష్టాన్ని ఊడ్చుకుపోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పేజీ పోగొట్టుకున్నవాడు సిగ్గుతో నోరు విప్పడు. విప్పితే వినబడే మాట ఒక్కటే: “ఆ మాత్రం చూసుకోవద్దా?” అయినవాళ్లూ అదే అంటారు, ఫిర్యాదు రాసుకునే కానిస్టేబులూ అదే అంటాడు. కంపెనీ సహాయ పేజీలు కూడా మర్యాదగా తిప్పి అదే చెబుతాయి: అనుమానాస్పద లింకులు నొక్కకండి, జాగ్రత్తగా ఉండండి.

ఆ మాట అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ మోసం చెల్లుబాటయ్యేది కంటెంట్ చేసేవాళ్ల అజాగ్రత్త వల్ల కాదు. అసలు నోటీసు ఎలా ఉంటుందో నకిలీ నోటీసూ అలాగే ఉంటుంది కాబట్టి చెల్లుతోంది. అసలు నోటీసు మొహం లేనిది, నకిలీదీ మొహం లేనిదే. అసలు నోటీసు భయపెడుతుంది, నకిలీదీ అంతే. అసలు నోటీసులో లింకు ఉంటుంది, నకిలీదాంట్లోనూ ఉంటుంది. ఈ పోలికను చెరిపేయగలిగినవాళ్లు ఆ కంపెనీలవాళ్లే. చెరపకుండా కూర్చున్నదీ వాళ్లే.

కరీంనగర్ దగ్గరి పల్లెలో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. పగలు జిరాక్స్ సెంటర్ నడుపుతాడు. ఊళ్లో ఎవరికి ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టాలన్నా, పాన్ కార్డు కావాలన్నా ఆయన దగ్గరికే పోవాలి. వాళ్లమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాటలు, బతుకమ్మ పాటలు, పెళ్లిలో తలంబ్రాల పాటలు ఫోన్‌లో తీసి ఒక పేజీలో పెడుతూ వచ్చాడు. దుబాయిలో, మస్కట్‌లో కూలికి పోయిన మనవాళ్లు రాత్రిపూట వాటిని విని కింద రాసుకునే కామెంట్లు చదివితే ఆ పేజీ విలువేంటో తెలుస్తుంది. ఏ కంపెనీ వేదిక మీద ఆ పేజీ ఉందన్నది ఇక్కడ అక్కర్లేదు. అన్నింటా ఇదే కథ.

ఆయనకు కాపీరైట్ భయం ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఒకసారి నిజంగానే క్లెయిమ్ పడింది. వాళ్లమ్మ గొంతుతో ఉన్న పాటకు ఏదో ఆడియో కంపెనీ హక్కు చెప్పుకుంది. ఆ వీడియో మీద వచ్చే నాలుగు రూపాయలు అటు పోయాయి. ఊరు ఊరంతా పాడుకునే పాటకు ఎవరో హక్కుదారు ఎలా అయ్యారన్నది వేరే వ్యాసం రాయాల్సిన సంగతి. ఇక్కడ చెప్పేదేంటంటే, మళ్లీ ఒక నోటీసు వస్తే అది అబద్ధమని అనుకోవడానికి ఆయనకు కారణం లేదు.

శుక్రవారం రాత్రి పేజీ ఇన్‌బాక్సులో సందేశం పడింది. పంపినవాడి బొమ్మ కంపెనీ గుర్తే. పేరులో కంపెనీ పేరు, పక్కన ‘కాపీరైట్’, ‘సపోర్ట్’ అన్న మాటలు. కింద పొడుగాటి కేసు నంబరు. ఆయన నాకు ఫోన్ చేసింది లింకు నొక్కడానికి ముందు కాదు, అంతా అయ్యాక.

“అన్నా, పేజీ పోతదట, రేపటికల్లా తీసేస్తరట అని ఉండె. అప్పీల్ వెట్టిన. ఇప్పుడు నా పేజీకి నన్నే రానిస్తలేదు.”

ఆ లింకు వెనక ఏం జరిగిందో ఆయన చెప్పగా చెప్పగా రాసుకున్నాను. ముందు ఒక ఫారం తెరుచుకుంది. పేరు, పేజీ పేరు, ఈమెయిలు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అడిగింది. దాని కింద పెద్ద గడి, ‘మీ పేజీని ఎందుకు తొలగించకూడదో వివరించండి’ అని. ఆ గడిలో ఆయన తన తల్లి గురించి, పాటల గురించి, అవి ఎవరి సొత్తూ కావన్న దాని గురించి వచ్చీరాని ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాశాడు. ఈ గడి ఎవరూ చదవరు. దొంగకు అందులో పనికొచ్చేది ఏమీ లేదు. కానీ మోసం మొత్తానికి కీలు అదే. వాదన రాస్తున్నవాడు అవతల న్యాయమూర్తి ఉన్నాడని నమ్మేస్తాడు. తన తప్పేమీ లేదని నిరూపించుకునే తొందరలో, తను నిలబడ్డది ఎవరి గుమ్మమో చూసుకోడు.

ఫారం పంపగానే ‘భద్రత కోసం పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి’ అంది. ఇచ్చాడు. తప్పు అంది. మళ్లీ ఇచ్చాడు. మొదటిసారి ఇచ్చిందీ సరైనదే. కానీ తప్పని చెబితే మనిషి ఇంకోసారి జాగ్రత్తగా కొడతాడు, లేదా తను వాడే ఇంకో పాస్‌వర్డ్ కూడా కొట్టి చూస్తాడు. దొంగకు రెండూ లాభమే. తర్వాత ఫోన్‌కు ఆరంకెల కోడ్ వచ్చింది. ఆ కోడ్ నిజమైన కంపెనీ నుంచే వచ్చింది. ఎందుకంటే అదే క్షణంలో అవతలి దొంగ ఆయన పాస్‌వర్డ్‌తో నిజమైన ఖాతాలోకి లాగిన్ అవుతున్నాడు. ఆ కోడ్ కొట్టగానే ‘గడువు తీరింది, కొత్త కోడ్ వస్తుంది, ఆగండి’ అని తెర మీద అంకెలు తగ్గుతూ కనిపించాయి. రెండో కోడ్ వచ్చింది. అదీ కొట్టాడు. మొదటి కోడ్ లోపలికి పోవడానికి, రెండోది ఖాతాకున్న ఈమెయిలు, ఫోన్ నంబరు మార్చడానికి. చివర ‘మీ అప్పీలు అందింది, 24 గంటల్లో జవాబిస్తాం’ అని చెప్పి నిజమైన సహాయ పేజీకే పంపేసింది. ఆయన నిశ్చింతగా నిద్రపోయాడు. ఆ ఒక్క రాత్రి చాలు దొంగకు.

ఈ మనిషి రోజూ కౌంటర్ ముందుకొచ్చిన ప్రతి ముసలమ్మకూ “ఓటీపీ ఎవ్వలకు జెప్పకు” అని చెప్పేవాడు. మనకు బ్యాంకులూ పోలీసులూ నేర్పింది కూడా అంతే: ఫోన్ చేసి అడిగినవాడికి చెప్పొద్దు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు. తన పేజీ కోసం, తన చేత్తో, కంపెనీదని తను నమ్మిన గడిలో కొట్టాడు. ఆ పాఠంలో ఈ దారికి కాపలా లేదు. ‘చూసుకోవద్దా’ అనేవాళ్లు ముందు ఇది చూడాలి.

తర్వాత జరిగింది మామూలే. అడ్మిన్లుగా ఉన్న ఆయన్నీ ఆయన మేనల్లుణ్నీ తీసేశారు. పేజీకి కట్టి ఉన్న కార్డు మీద ఏవో ప్రకటనలు నడిపారు. పేజీ పేరు మార్చి బెట్టింగ్ వీడియోలు పెట్టారు. అవి చూసి జనం ఫిర్యాదులు చేశారు. అప్పుడు వచ్చింది నిజమైన నోటీసు, నిజమైన కంపెనీ నుంచి, నిబంధనలు ఉల్లంఘించినందుకు పేజీ ఆపేస్తున్నామని. అది ఆయనకు చేరలేదు, దొంగ మార్చిన ఈమెయిలుకు పోయింది. అప్పీలు చేసుకునే హక్కు కూడా దొంగ చేతిలోనే ఉండిపోయింది. వాళ్లమ్మ పాటల్లో కొన్నింటికి వేరే కాపీ కూడా లేదు.

ఇప్పుడు ‘జాగ్రత్తగా ఉండండి’ అనేవాళ్లు ఇచ్చే సలహాల సంగతి చూద్దాం. మొదటి సలహా: పంపినవాడి చిరునామా చూడండి. 2025లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన మోసంలో ఈమెయిళ్లు వచ్చింది facebookmail.com నుంచి. అది మెటా సొంత చిరునామా. దొంగలు మెటా వారి బిజినెస్ ఖాతాలు తెరిచి, వాటికి అధికారిక పేర్లు పెట్టి, అందులోని ఆహ్వానం పంపే సౌకర్యాన్నే వాడుకున్నారు. మెయిలు పంపింది మెటా యంత్రమే, లోపలి మాటలు దొంగవి. సంస్థ లెక్క ప్రకారం అలాంటివి 40 వేలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. అదే ఏడాది గూగుల్ వారి యాప్‌షీట్ నుంచి, noreply@appsheet.com అన్న అసలు చిరునామాతోనే, మెటా పేరిట కాపీరైట్ బెదిరింపులు వెళ్లాయి. అంతకుముందు 2023లో యూట్యూబ్‌లో వీడియో షేర్ చేసే సౌకర్యాన్ని పట్టుకుని no-reply@youtube.com నుంచే నకిలీ హెచ్చరికలు పంపారు. చిరునామా చూసినవాడు కూడా మోసపోతాడు, చూశాడు కాబట్టే ఇంకా ధైర్యంగా మోసపోతాడు.

రెండో సలహా: లింకు చూడండి. ఫేస్‌బుక్‌లో ఎవరు ఏ లింకు పెట్టినా దాన్ని కంపెనీ తన దారి గుండానే పంపుతుంది. కాపీ చేసి చూస్తే ఇలా ఉంటుంది:

```
https://l.facebook.com/l.php?u=https%3A%2F%2Fpage-appeal.example%2Fcase
```

మొదట్లో facebook.com కనిపించగానే అమాయకుడు కాదు, కాస్త తెలిసినవాడే నమ్ముతాడు. నిజంగా పోయేది u= తర్వాత ఉన్న చోటికి. ఇంకో రకం ఇది:

```
https://facebook.com.page-appeal.example/case
```

ఇక్కడ https:// దాటాక వచ్చే మొదటి గీత దగ్గర ఆగి వెనక్కి చదవాలి. గీతకు ముందున్న చివరి రెండు ముక్కలే యజమాని పేరు, facebook.com అన్నది ముందు తగిలించిన ముసుగు. ఈ చదువు కంటెంట్ చేసే ప్రతివాళ్లకూ రావాలని నేనూ అంటాను. కానీ ఫోన్‌లో యాప్ లోపలే తెరుచుకునే బ్రౌజర్‌లో చిరునామా ఎంత కనబడుతుంది? పైన సన్నటి గీతలో సగం తెగిన అక్షరాలు. ఆ బ్రౌజర్ కట్టింది ఎవరు? చూడమని సలహా ఇచ్చినవాళ్లే.

మూడోది, అక్షర దోషాలు చూడమనడం. ఆ రోజులు పోయాయి. ఈ మధ్య వచ్చే నకిలీ నోటీసుల ఇంగ్లిష్‌లో తప్పు పట్టాలంటే కష్టం.

మరి తేడా ఎక్కడ తెలుస్తుంది? రూపంలో తెలియదు, విషయంలో తెలుస్తుంది. ఆ జిరాక్స్ సెంటర్ ఆయన్ని నేను అడిగింది ఇదే: “ఏ పాట మీద ఫిర్యాదు? ఎవరు చేశారు?” సందేశాన్ని గుర్తుచేసుకుని చూశాడు. ఏ పాటో లేదు. ఎవరు ఫిర్యాదు చేశారో లేదు. ఎప్పటి వీడియోనో లేదు. నిజమైన కాపీరైట్ చర్యకు ఈ మూడూ లేకుండా కుదరదు. యూట్యూబ్‌లో స్ట్రైక్ పడితే స్టూడియోలో ఆ వీడియో పక్కనే కనబడుతుంది, తీసేయమన్నది ఎవరో, ఏ సొత్తు తమదన్నారో ఉంటుంది. ఫేస్‌బుక్‌లో నిజమైన ఫిర్యాదైతే హక్కుదారు పేరు, వాళ్లను సంప్రదించే ఈమెయిలు, ఫిర్యాదు నంబరు ఇస్తారు. కాపీరైట్ అంటే ఫలానా మనిషికి ఫలానా సొత్తు మీద ఉన్న హక్కు. ఆ రెండింటి ఊసు లేని నోటీసు కాపీరైట్ నోటీసే కాదు.

రెండో తేడా గడియారం. 24 గంటల్లో పేజీ మొత్తం పోతుందన్న బెదిరింపు కాపీరైట్ చట్టాల నడకకే విరుద్ధం. యూట్యూబ్‌లో ఛానెల్ పోవాలంటే 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడాలి. ఒక్క స్ట్రైక్‌తో ఆ వీడియో పోతుంది తప్ప ఛానెల్ పోదు. మీరు తప్పు చేయలేదని ప్రతివాదన పంపితే, కోర్టుకు వెళ్లామని చూపించడానికి అవతలివాళ్లకు 10 పనిదినాలు ఇస్తారు. అది 1998 నాటి అమెరికా చట్టం నుంచి వచ్చిన పద్ధతి. మన దగ్గర 2013 నాటి కాపీరైట్ నియమాల్లో 75వ నియమం ఉంది. ఫిర్యాదు అందాక వేదిక నడిపే కంపెనీ 36 గంటల్లో చర్య తీసుకోవాలి. ఫిర్యాదుదారు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే ఆ కంటెంట్‌ను కంపెనీ మళ్లీ పెట్టేయవచ్చు. గమనించండి, ఆ 36 గంటల గడువు కంపెనీ నెత్తి మీద. ఆ 21 రోజుల గడువు ఫిర్యాదు చేసినవాడి నెత్తి మీద. పాట పాడించి పెట్టినవాణ్ని ఒక్క రోజులో తేల్చుకోమనే గడువు ఆ నియమంలో లేదు.

నిజమైన ప్రతివాదన మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు అడుగుతుంది. అబద్ధం చెబితే శిక్షకు సిద్ధమని రాయించుకుంటుంది. పాస్‌వర్డ్ అడగదు. అప్పటికే మీరు మీ ఖాతాలో ఉండే దాన్ని పంపుతారు కాబట్టి అడగాల్సిన పనే లేదు. లాగిన్ కోడ్ అడగదు, బ్యాకప్ కోడ్లు అంతకన్నా అడగదు. ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే ఎనిమిదంకెల బ్యాకప్ కోడ్లు ఫోన్ పోయిన రోజు కోసం దాచుకునేవి. 2023 చివర్లో ట్రస్ట్‌వేవ్ పరిశోధకులు పట్టుకున్న నకిలీ కాపీరైట్ అప్పీలు సరిగ్గా వాటినే అడిగింది. ఒక్క బ్యాకప్ కోడ్ చిక్కితే రెండో తాళం ఊడిపోయినట్టే.

కొందరు దొంగలకు ఈ ఫారాల ఓపిక కూడా లేదు. ‘ఉల్లంఘన ఆధారాలు’ అని జిప్ ఫైలు పంపుతారు. లాయర్ల పేరుతో వచ్చే ఇలాంటి మెయిళ్ల గురించి 2024లోనే హెచ్చరికలు వచ్చాయి. ఆ ఫైలు కంప్యూటర్‌లో తెరిచారంటే బ్రౌజర్‌లో దాచి ఉన్న లాగిన్ కుకీలు దొంగకు చేరతాయి. అప్పుడు పాస్‌వర్డ్ అక్కర్లేదు, కోడ్ అక్కర్లేదు, మీరు లోపల ఉన్నట్టే వాడూ లోపల ఉంటాడు. యూట్యూబర్లకు కుకీల దొంగతనం 2019 చివరి నుంచే సాగుతోందని గూగుల్ 2021లో తానే రాసింది. అలా దోచిన ఛానెళ్లు 3 డాలర్ల నుంచి 4 వేల డాలర్ల దాకా అమ్ముడవుతున్నాయనీ అందులోనే ఉంది. మనిషి బతుకుకు అంగట్లో కట్టిన ధర అది.

ఇంత తెలిసిన కంపెనీలు ఏం చేశాయి? ‘మెటా’ పేరును, దాని గుర్తును బొమ్మగా పెట్టుకుని ఎవడో పేజీ తెరిచి వేలమందిని ట్యాగ్ చేస్తుంటే మెటా కళ్లకు ఎందుకు కనబడదు? సినిమా పాట పది సెకన్లు వీడియోలో వినబడితే గుర్తుపట్టి శబ్దం ఆపేసే యంత్రం వాళ్ల దగ్గరుంది. ఒకరి పాటను పది సెకన్లలో పోల్చగలిగిన యంత్రానికి తన సొంత పేరు, తన సొంత గుర్తు పోల్చుకోవడం చేతకాదంటే నేను నమ్మను. చేతకాక కాదు, ఆ పని మీద శ్రద్ధ పెట్టక.

2024 మార్చిలో అమెరికాలోని 41 రాష్ట్రాల, ప్రాంతాల అటార్నీ జనరళ్లు మెటాకు ఉమ్మడి ఉత్తరం రాశారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు హైజాక్ అవుతున్న తీరు మీద, పోగొట్టుకున్నవాళ్లకు దిక్కు లేకపోవడం మీద. మీ ఖాతాదార్లకు సాయం చేసే పని మీరు చేయక మా ఆఫీసుల మీద పడేశారని వాళ్ల బాధ. సర్కారు వకీళ్లకే ఆ గతి పడితే కరీంనగర్ జిల్లా జిరాక్స్ సెంటర్ గతి ఏంటి? అంతకు తొమ్మిది నెలల ముందు, 2023 జూన్‌లో మెటా వెరిఫైడ్ మన దేశానికి వచ్చింది. అప్పట్లో ఫోన్‌లో నెలకు 699 రూపాయలు కడితే నీలి టిక్కు, దాంతోపాటు కష్టం వస్తే మాట్లాడ్డానికి ఒక మనిషి. కష్టం వచ్చినప్పుడు పలికే మనిషిని సరుకుగా అమ్మడం నాకు ఒళ్లు మండించే సంగతి. పేదవాడి పేజీ మీద వచ్చే ప్రకటనల డబ్బు కావాలి, వాడి పేజీ పోయినప్పుడు ఫోన్ ఎత్తడానికి మాత్రం విడిగా నెలనెలా డబ్బు కట్టాలి.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2025 నవంబరులో రాయిటర్స్ మెటా అంతర్గత పత్రాలను బయటపెట్టింది. 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం మోసపు ప్రకటనల నుంచి, నిషేధిత వస్తువుల ప్రకటనల నుంచి వస్తుందని కంపెనీ తనలో తాను అంచనా వేసుకుంది. అది ముతక అంచనా అని, అవసరానికి మించి కలిపేశారని మెటా జవాబిచ్చింది. ఎంత ముతకదైనా, దొంగిలించిన పేజీల మీద, దొంగిలించిన కార్డులతో నడిచే ప్రకటనలకు కూడా బిల్లు వెళ్లేది కంపెనీ గల్లాకే. నష్టం ఒకరిది, రాబడి ఒకరిది అయినప్పుడు తలుపుకు గడియ పెట్టే తొందర ఎవరికుంటుంది?

ఇప్పటికే చేయి జారినవాళ్లకు ఒక్క మాట. దొంగకు రాత్రంతా దొరక్కూడదు. ఇంకా లాగిన్ అయి ఉన్న వేరే ఫోను ఉంటే అక్కణ్నుంచి ముందు పాస్‌వర్డ్ మార్చి, వెంటనే మిగతా లాగిన్లన్నీ తెంచేయండి. ఖాతాలో కొత్తగా చేరిన ఈమెయిలు, ఫోన్ నంబర్లు తీసేయండి. పాత బ్యాకప్ కోడ్లు రద్దుచేసి కొత్తవి తీసుకోండి. బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి. ఏదైనా ఫైలు తెరిచి ఉంటే ఈ పనులేవీ ఆ కంప్యూటర్ మీద చేయకండి, కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే చేరుతుంది. లోపలికి దారి మూసుకుపోతే facebook.com/hacked, instagram.com/hacked అని మీ చేత్తో కొట్టి వెళ్లండి. వెతికితే దొరికే ‘రికవరీ ఏజెంటు’కు పైసా ఇవ్వకండి, వాళ్లలో రెండోసారి ముంచేవాళ్లున్నారు. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయాలి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. స్టేషన్‌లో “పేజీ పోతే కేసేంటి” అంటే ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల పేర్లు చెప్పండి. ఒకటి ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడినందుకు, రెండోది ఇంకొకరిలా నటించి ముంచినందుకు. రెండింటికీ మూడేళ్ల దాకా జైలుంది. ఇక కంపెనీ ఫిర్యాదు అధికారి తిప్పి పంపితే 30 రోజుల్లోగా gac.gov.in లో ప్రభుత్వ అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. ఆ కమిటీ ఉందన్న సంగతి మన కంటెంట్ చేసేవాళ్లలో ఎంతమందికి తెలుసు? కంపెనీలు తమ నోటీసుల్లో దాని పేరు పెద్దక్షరాలతో వేసి ఉంటే తెలిసేది.

ఇంకా పోనివాళ్లు ఒకే కట్టుబాటు పెట్టుకోండి: నోటీసు నిజమైనా అబద్ధమైనా దాని లింకు నుంచి పోవద్దు. యాప్ మూసి, మళ్లీ తెరిచి, మీ పేజీ స్థితి చూపించే చోటికి మీరే నడిచి వెళ్లండి. యూట్యూబ్ అయితే స్టూడియో, ఇన్‌స్టాగ్రామ్ అయితే అకౌంట్ స్టేటస్, ఫేస్‌బుక్ అయితే పేజ్ స్టేటస్. అక్కడ లేని స్ట్రైక్ ఎక్కడా లేదు. వీలైతే పాస్‌కీ పెట్టుకోండి. అది అసలు చిరునామాకు మాత్రమే పలుకుతుంది, నకిలీ పేజీ ఎంత బతిమాలినా పలకదు. మీరు పొరబడ్డా అది పొరబడదు.

అయితే ఈ భారమంతా మన మీదే ఎందుకుండాలి? బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు ఇలా వదిలేయలేదు. నకిలీ బ్యాంకు సైట్లు పెరిగిపోతుంటే జనాన్ని జాగ్రత్తపడమని ఊరుకోకుండా, బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా .bank.in చిరునామాకు మారాలని ఆదేశించింది. ఆ తోకను రిజర్వు బ్యాంకు గుర్తించిన బ్యాంకులకే ఇస్తారు, దొంగ కొనుక్కోలేడు. గుర్తుపట్టే బాధ్యత జనం మీద నుంచి తీసి బ్యాంకుల మీద పెట్టడం అంటే అది. కోట్లమంది బతుకుతెరువు నడిచే వేదికల మీద అలాంటి ఆదేశం ఎందుకు లేదు? కేంద్ర ఐటీ శాఖ చేతిలో నియమాలున్నాయి, వాటిని ఈ మధ్య ఎన్నోసార్లు సవరించింది కూడా. ప్రభుత్వానికి నచ్చని పోస్టులు తీయించడానికి గంటల లెక్కన గడువులు పెట్టగలిగిన శాఖ ఈ పని చేయించలేదా?

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. కాపీరైట్ నోటీసు, పేజీ నిలిపివేత నోటీసు యాప్ లోపల ఒకే ఒక్క చోట కనబడాలి. ఈమెయిలులోనో మెసెంజర్‌లోనో పంపితే అందులో లింకు ఉండకూడదు, ‘యాప్ తెరిచి చూడండి’ అన్న మాట తప్ప. 2025లో యూట్యూబ్ ప్రైవేటు వీడియోల ద్వారా తాము ఎవరినీ ఎప్పటికీ సంప్రదించబోమని బహిరంగంగా చెప్పింది. అదే మాట లింకుల గురించి అందరూ చెప్పి నిలబడాలి. కంపెనీ పేరు, గుర్తు ఇంకొకడు పెట్టుకుంటే ఆ పేజీ పుట్టిన నిమిషంలోనే ఆగిపోవాలి. ఈమెయిలు, ఫోన్ నంబరు, అడ్మిన్లు అందరూ ఒకే రాత్రిలో మారిపోతే ఆ పేజీ నుంచి ప్రకటనల ఖర్చు వెంటనే స్తంభించాలి, పాత ఈమెయిలుకు వెనక్కి తిప్పుకునే అవకాశం కొన్ని రోజులైనా ఉండాలి. పేజీ పోగొట్టుకున్నవాడితో తెలుగులో మాట్లాడే మనిషి, నెలనెలా డబ్బు కట్టినా కట్టకపోయినా, ఫోన్ ఎత్తాలి.

వీటిలో లింకు తీసేయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త ఉద్యోగి అక్కర్లేదు. పంపే ఈమెయిలు నమూనాలో ఒక్క వరస చెరిపితే చాలు. అది రేపే చేయొచ్చు.